నాలుగు తేదీలు, ఐదు అద్దెలు

"సోమవారం రాత్రి ఒంటిగంటన్నరకి అమ్మకి ఆయాసం ఎక్కువైతే తీసుకెళ్లాం. నేరుగా ఐసీయూలో పెట్టారు. బుధవారం పొద్దున పదింటప్పుడు రూమ్‌కి మార్చారు. శుక్రవారం మధ్యాహ్నం పంపించారు. రూమ్ అద్దె ఒక రోజు ఎక్కువ పడింది. ఇంజెక్షన్లు పన్నెండు వేశారు. నాలుగు మిగిలితే సిస్టర్ తీసుకుని ఫార్మసీలో ఇచ్చేస్తానంది. ఆ డబ్బులు రాలేదు. అడిగితే కౌంటర్‌లో అమ్మాయి విసుక్కుని, మెయిల్ పెట్టుకోండి అంది."

న్యుమోనియాతో తల్లిని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించిన కొడుకు ఫోన్‌లో రాసుకున్న నోట్సు ఇలా ఉందనుకుందాం. ఇప్పుడు దీన్ని ఇంగ్లిషులో ఫిర్యాదుగా రాయాలి. తెలుగులో రాస్తే తప్పేమీ లేదు. కానీ బిల్లు ఇంగ్లిషులో ఉంది, నర్సుల చార్టు ఇంగ్లిషులో ఉంది, ఉత్తరం బిల్లింగ్ డెస్కు దాటి అకౌంట్స్‌కీ ఫార్మసీకీ, ఇన్సూరెన్సు ఉంటే ఇంకో ఊళ్లో కూర్చున్న టీపీఏ మనిషికీ వెళ్తుంది. అందుకే చాలామంది ఇంగ్లిషులోనే పెడతారు. చిక్కల్లా, ఈ నోట్సును వాక్యానికి వాక్యం ఇంగ్లిషులోకి దింపేస్తే ఆ ఉత్తరం ఆసుపత్రి తరఫున సాక్ష్యం చెబుతుంది.

మొదటి వాక్యమే చూడండి. నెల 2025 మార్చి. సోమవారం అంటే 10వ తేదీ. మనం రాత్రి ఒంటిగంటన్నరను ఇంకా సోమవారం లెక్కలోనే చెప్పుకుంటాం. తెల్లారితేనే మనకి మంగళవారం. ఆసుపత్రి కంప్యూటర్‌కి మాత్రం అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. కాబట్టి కేస్‌షీటులో అడ్మిషన్ 11వ తేదీ, తెల్లవారుజాము 1.30. కొడుకు మాత్రం ఇంగ్లిషులో "10వ తేదీ, సోమవారం రాత్రి చేర్పించాం" అని రాస్తాడు. ఎందుకంటే అతని నోట్సులో ఉన్నది అదే.

ఆ ఒక్క రోజు తేడాతో ఏమవుతుందో బిల్లు పక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. బిల్లులో ఐసీయూ అద్దె రోజుకి 9,000 చొప్పున 11, 12 తేదీలకి పడింది. మామూలు రూమ్ అద్దె రోజుకి 3,500 చొప్పున 12, 13, 14 తేదీలకి పడింది. మొత్తం ఐదు అద్దెలు. ఆమె ఆసుపత్రిలో ఉన్నది 11, 12, 13, 14, అంటే నాలుగు తేదీలు. 12వ తేదీన ఐసీయూ మంచానికీ రూమ్ మంచానికీ రెండింటికీ అద్దె వేశారు. తప్పు అక్కడుంది. ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రోజున ఇలా రెండు అద్దెలు పడటం తరచూ కనిపించే పొరపాటే. ఒక మంచం ఖాళీ చేసినట్టు సిస్టమ్‌లో ఎక్కించకముందే రెండోది ఎక్కిస్తే చాలు.

ఇప్పుడు కొడుకు ఉత్తరంలో అడ్మిషన్ 10వ తేదీ అని ఉంటే? 10 నుంచి 14 దాకా ఐదు తేదీలు, బిల్లులో ఐదు అద్దెలు. లెక్క సరిపోయింది. బిల్లింగ్‌లో కూర్చున్న మనిషి ఉత్తరాన్ని పైపైన చూసి, మీరు రాసిందే మా బిల్లు అని మర్యాదగా జవాబిచ్చేయొచ్చు. అందుకని నోట్సు ముందేసుకుని కూర్చునే ముందు డిశ్చార్జి సమ్మరీ తీసి, దాని మీదున్న అడ్మిషన్ తేదీ, టైము చూసి, నోట్సులోని ప్రతి "రాత్రి" పక్కనా తేదీ వేసుకోవాలి. టైము కూడా పగలా రాత్రా అన్న అనుమానం లేకుండా 01.30 అని రాయడం మేలు.

ఇంకో జాగ్రత్త ఉంది. అద్దెను అన్ని ఆసుపత్రులూ ఒకేలా లెక్కవేయవు. కొన్ని తేదీ చొప్పున, కొన్ని ఇరవైనాలుగు గంటల చొప్పున, కొన్ని అర్ధరాత్రి పేషెంటు ఏ మంచం మీద ఉంటే ఆ మంచం చొప్పున వేస్తాయి. అర్ధరాత్రి లెక్కయితే ఐసీయూకి ఒక్క రోజే పడాలి, డిశ్చార్జి అయిన 14కి అద్దే ఉండకూడదు. అలాగని కొడుకు ఉత్తరంలో అవన్నీ గుప్పించనక్కర్లేదు. ఏ లెక్కన చూసినా నిలిచే అభ్యంతరం ఒకటే: ఒకే రోజుకి ఒకే మనిషికి రెండు మంచాల అద్దె. 12వ తేదీ మీద పడిన రెండింటిలో తక్కువది, 3,500, తీసెయ్యమని అడిగితే కాదనడానికి వాళ్ల దగ్గర మాట ఉండదు. 14వ తేదీ సంగతి అభ్యంతరంగా కాక ప్రశ్నగా పెట్టాలి: డిశ్చార్జి రోజు అద్దెకి మీ నియమమేమిటో తెలపండి అని. రుజువున్న దాన్నీ అనుమానాన్నీ ఒకే వాక్యంలో కలిపితే, అనుమానానికి జవాబు చెప్పి రుజువున్న దాన్ని కూడా దాటేస్తారు.

ఇక ఇంజెక్షన్లు. "పన్నెండు వేశారు" అని నోట్సులో ఉంది. పన్నెండు ఒంట్లోకి వేశారా, బిల్లులో వేశారా? కొడుకు మనసులో ఉన్నది బిల్లు. ఇంగ్లిషు రాసిపెట్టే స్నేహితుడు పన్నెండు ఇంజెక్షన్లు ఇచ్చారని రాసేస్తే, ఆ తర్వాత నాలుగు మిగిలాయన్న మాట ఎవరికీ అర్థం కాదు. ఇక్కడ మాట మీద కాక కాగితం మీద ఆధారపడాలి. ఆ కాగితం పేరు మెడికేషన్ చార్టు. ప్రతి డోసుకీ టైము రాసి, ఇచ్చిన నర్సు పొడి సంతకం చేస్తుంది. ఆ యాంటీబయాటిక్ ఎనిమిది గంటలకి ఒకటి. 11న తెల్లవారుజామున మూడింటికి మొదలైంది, 11న మూడు, 12న మూడు, 13న తెల్లవారుజామున ఒకటి, పదకొండింటికి ఒకటి, ఆ తర్వాత డాక్టరు మాత్రలకి మార్చారు. చార్టులో ఎనిమిది సంతకాలు. ఫార్మసీ బిల్లులో పన్నెండు వయల్స్. ఒక్కోటి 720 రూపాయలు. నాలుగింటికి 2,880.

చార్టు చూపించమంటే అది మా లోపలి రికార్డు అంటారు కొందరు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి ప్రకారం పేషెంటు గానీ, అతని తరఫున వచ్చిన మనిషి గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి ఫిర్యాదు కంటే ముందు రెండు వాక్యాల చిన్న ఉత్తరం పెట్టి మెడికేషన్ చార్టు, ఐటెమ్‌వారీ బిల్లు, ఫార్మసీ ఇష్యూ, రిటర్న్ వివరాలు తెచ్చుకోవాలి. వచ్చాక ఫార్మసీ బిల్లు చివరి పేజీ దాకా చూడాలి. వెనక్కిచ్చిన మందులు చాలా బిల్లుల్లో పైన తగ్గించరు. అడుగున మైనస్ గుర్తుతో విడిగా చూపిస్తారు. పై పేజీలో పన్నెండు చూసి ఆవేశపడిన వాళ్లు, చివరి పేజీలో మైనస్ నాలుగు ఉన్నట్టు కౌంటర్ దగ్గర తెలుసుకోవడం ఇబ్బందిగా ఉంటుంది. మన కేసులో మైనస్ లేదు అనుకుందాం.

ఇప్పుడు ఉత్తరం. సబ్జెక్టు లైనులో పేషెంటు యూహెచ్ఐడీ నంబరు, ఐపీ నంబరు, ఫైనల్ బిల్లు నంబరు, తేదీ. పేరొక్కటే రాస్తే చాలదు, ఒకే పేరున్న పేషెంట్లు ఎందరో ఉంటారు. మొదటి పేరాలో ఎవరు రాస్తున్నారో, పేషెంటుకి ఏమవుతారో, అడ్మిషన్, రూమ్‌కి మార్చిన, డిశ్చార్జి తేదీలూ టైములూ. తర్వాత ఒక్కో అభ్యంతరానికి ఒక్కో పేరా. బిల్లులో ఏ పేజీ, ఏ లైను, ఎంత వేశారు, ఎంత ఉండాలి, దానికి జతపరిచిన కాగితమేది. చివర అడిగేది ఒక్క వాక్యం. తెలుగు లిపిలో పెడితే ఇలా ఉంటుంది: "ప్లీజ్ రివర్స్ రూపీస్ 6,380 అండ్ ఇష్యూ ఎ రివైజ్డ్ ఫైనల్ బిల్." 3,500, 2,880 కలిపితే 6,380. రిఫండ్ మాత్రమే అడిగి ఊరుకోకూడదు, సవరించిన బిల్లు కూడా అడగాలి. ఎందుకంటే పాత బిల్లు అలాగే ఉండిపోతే రేపు రీయింబర్స్‌మెంటుకి పెట్టేటప్పుడు బిల్లుకీ రసీదుకీ పొంతన కుదరదు.

మన ఆఫీసు ఇంగ్లిషులో తరాలుగా పాతుకుపోయిన "డూ ది నీడ్‌ఫుల్" ఇక్కడ పనికిరాదు. ఏం చెయ్యాలో చెప్పకుండా చెయ్యమనడం అది. అలాగే "మోసం", "దోపిడీ" లాంటి మాటలూ వద్దు. బిల్లులో ఇలా ఉంది, చార్టులో ఇలా ఉంది అంటే చాలు. మోసమన్న మాట పడగానే ఉత్తరం బిల్లింగ్ చేతుల్లోంచి లీగల్ వాళ్ల చేతుల్లోకి పోతుంది, వారంలో తేలేది నెలలు పడుతుంది. కౌంటర్ అమ్మాయి విసుగు సంగతి పూర్తిగా వదిలెయ్యడమే. సిస్టర్ మాటను మాత్రం వదలకూడదు. "14వ తేదీ ఉదయం, వార్డు నర్సింగ్ స్టేషన్‌లో నాలుగు వయల్స్ అప్పగించాం, రిటర్న్ స్లిప్పు ఇవ్వలేదు" అని టైముతో సహా రాయాలి. స్లిప్పు లేదని ఒప్పుకోవడం నష్టమేమో అనిపిస్తుంది గానీ, మన వాదన నిలబడేది స్లిప్పు మీద కాదు. పన్నెండు ఇచ్చామని బిల్లు, ఎనిమిది వాడామని చార్టు, రెండూ వాళ్లవే.

డబ్బు కట్టకుండా పేషెంటుని తీసుకెళ్లే పరిస్థితి లేకపోతే కట్టేసి, రసీదు కాపీ మీదా మెయిల్‌లోనూ "పెయిడ్ అండర్ ప్రొటెస్ట్" అని రాయాలి. అభ్యంతరంతోనే కట్టామన్న రికార్డు ఉంటుంది. క్యాష్‌లెస్ అయితే ఇంకో చిక్కు. ఆ 6,380 రూపాయల్లో ఇన్సూరెన్సు కట్టిన భాగం కంపెనీకి తిరిగి వెళ్లాలి, మన జేబుకి కాదు. అయినా అడగాలి, ఎందుకంటే తప్పు చార్జీ కూడా ఆ ఏడాది మన పాలసీ మొత్తంలోంచే కోతపడుతుంది. అలాంటప్పుడు ఉత్తరం కాపీ టీపీఏకి కూడా పెట్టాలి.

జవాబు సాధారణంగా సగం వస్తుంది. మన కేసులో వచ్చేది ఇలా ఉండొచ్చు: 12వ తేదీ రూమ్ అద్దె పొరపాటున పడింది, 3,500 వాపసు చేస్తున్నాం, వయల్స్ విషయంలో ఫార్మసీకి రిటర్న్ అందలేదు. చాలామంది ఇక్కడ వచ్చిందే చాలనుకుని వదిలేస్తారు. ఈ రెండో వాక్యాన్ని సరిగ్గా చదివితే, నాలుగు వయల్స్ వాడామని వాళ్లు అనలేదు. ఫార్మసీకి చేరలేదన్నారంతే. కాబట్టి జవాబు ఉత్తరం నాలుగు లైన్లు చాలు. చార్టు ప్రకారం ఎనిమిదే వాడారు, మిగతా నాలుగూ మీ వార్డులోనే అప్పగించాం, వార్డుకీ ఫార్మసీకీ మధ్య జరిగింది మీ లోపలి విషయం, 2,880 తిరిగివ్వండి, ఏడు రోజుల్లో జవాబు కోరుతున్నాం. కాపీ మెడికల్ సూపరింటెండెంటుకి.

అదీ తేలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్లో ఫీజు ఉండదు, గడువు రెండేళ్లు. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి మొదటి ఉత్తరం, దాని మీద ఆసుపత్రి ముద్ర లేదా మెయిల్ అందినట్టు రుజువు, వాళ్ల సగం జవాబు, చార్టు. తెలుగు నోట్సు ఫోన్‌లోంచి తుడిచెయ్యక్కర్లేదు, అప్పటికప్పుడు రాసుకున్నది కాబట్టి అదీ ఫైల్లో పెట్టొచ్చు. ఒంటిగంటన్నర పక్కన 11వ తేదీ అని వేసుకుని మరీ.