లెక్క ఒకటి చెబితే, మనిషి ఇంకొకటి చెబితే

సర్వే చేసి, ఆ తర్వాత కొందరిని కూర్చోబెట్టి మాట్లాడించి, రెండూ ఒకే నివేదికలో పెడితే మిశ్రమ పద్ధతి పరిశోధన అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. మూడో అధ్యాయంలో పట్టికలుంటాయి, నాలుగో అధ్యాయంలో మాటలుంటాయి. ఆ రెండింటికీ మధ్య పలకరింపైనా ఉండదు. అసలు పనంతా ఆ అతుకు దగ్గరే ఉంది.

అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఒక డాక్టరేట్ కోర్సును దూరవిద్యలో నడిపింది. అందులో చేరినవాళ్లు చివరిదాకా ఎందుకు నిలబడుతున్నారు, మధ్యలో ఎందుకు మానేస్తున్నారు అని నటాలియా ఇవాన్‌కోవా, షెల్డన్ స్టిక్ ఆరా తీశారు. ఆ వ్యాసం 2007లో వచ్చింది. సర్వేకు 207 మంది జవాబిచ్చారు. వాళ్లను కొత్తగా చేరినవాళ్లు, చాలా దూరం వచ్చినవాళ్లు, పూర్తి చేసినవాళ్లు, మానేసినవాళ్లు అని నాలుగు గుంపులు చేశారు. కోర్సు, ఆన్‌లైన్ వాతావరణం, అధ్యాపకులు, విద్యార్థులకు అందే సాయం, సొంత పట్టుదల అనే అయిదు విషయాల్లో గుంపుల మధ్య తేడా కనిపించింది. కుటుంబం, ఉద్యోగం, డబ్బు లాంటివాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అధ్యాపకుల విషయంలో తేడా ఉందని లెక్క చెప్పగలదు. ఆ తేడా ఒక విద్యార్థి రోజువారీ చదువులో ఎలా ఉంటుందో చెప్పలేదు. అందుకే ఇంటర్వ్యూలు. ఎవరు దొరికితే వాళ్లతో మాట్లాడలేదు. ప్రతి గుంపులోనూ సగటుకు దగ్గరగా జవాబులిచ్చినవాళ్లను ముందు ఏరారు. వాళ్లలోంచి నేపథ్యాలు వేరువేరుగా ఉండేలా చూసుకుని గుంపుకొకరి చొప్పున నలుగురిని తీసుకున్నారు. ఏం అడగాలన్నదీ సర్వే ఫలితాలను ముందు పెట్టుకునే రాసుకున్నారు. నలుగురేనా అనిపించవచ్చు. ఇక్కడ వెతుకుతున్నది ఎంతమంది అన్నది కాదు, ఎలా అన్నది. నన్నడిగితే అయిదో మనిషి కూడా ఉండాల్సింది: జవాబులన్నీ మానేసేవాళ్లలా ఉండి కూడా కోర్సు పూర్తి చేసినవాడు. లెక్కకు లొంగని మనిషి దగ్గరే కొత్త సంగతి దొరికే అవకాశం ఎక్కువ.

ఇలా ఏరాలంటే ఏ జవాబు ఎవరిదో తెలియాలి. పేర్లు లేకుండా సర్వే పూర్తి చేసేసి, ఆ తర్వాత ఇంటర్వ్యూల సంగతి తలచుకుంటే దారి మూసుకుపోయినట్టే. మళ్లీ మాట్లాడటానికి ఒప్పుకుంటారా అని అడిగే ప్రశ్న, ఫోన్ నంబరు, జవాబు పత్రంపై ఒక కోడ్ మొదటిరోజే ఉండాలి.

ఇక రెండింటినీ కలిపి చదవడం. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ప్రాంతంలో సుజాన్ మోఫట్ బృందం చేసిన అధ్యయనం నా దృష్టిలో దీనికి మంచి పాఠం. అరవై దాటినవాళ్లకు ప్రభుత్వం నుంచి రావలసిన సాయం ఏమిటో చెప్పి ఇప్పిస్తే ఆరోగ్యం మెరుగవుతుందా అన్నది ప్రశ్న. 126 మంది ప్రశ్నావళులు నింపారు. వాళ్లలో కొందరికి సలహా వెంటనే అందింది, మిగిలినవాళ్లకు ఆరు నెలల తర్వాత. లెక్కల్లో ఆరోగ్యం మారిన దాఖలా దాదాపు కనబడలేదు. ఇంటర్వ్యూల్లో మాత్రం జీవితం తేలికపడిందని, దిగులు తగ్గిందని చెప్పుకొచ్చారు.

ఎవరో ఒకరిది తప్పని తేల్చేయడం సులువు. వాళ్లు ఆ పని చేయలేదు. మాట్లాడినవాళ్లు మిగతావాళ్లకంటే భిన్నమైనవాళ్లేమో అని ముందుగా రెండు జాబితాలూ పోల్చి చూశారు. తర్వాత సాయం ఎలా అందిందో చూశారు. సలహా పొందిన అందరికీ డబ్బు రాలేదు, వచ్చినవాళ్లకూ కొంత ఆలస్యమైంది. అందరి సగటు తీస్తే లాభపడినవాళ్ల మార్పు అందులో పలచబడుతుంది. పైగా ప్రశ్నావళి కొలిచింది ఒకటి, జనం చెప్పింది ఇంకొకటి. ఖర్చుకు వెనకాడనక్కర్లేదన్న నిశ్చింత ఆరోగ్య ప్రశ్నావళిలో సరిగా పట్టుబడదు.

ఇలాంటివి బయటపడాలంటే ఒక పట్టిక గీసుకోవాలి. వరుసకొక మనిషి. ఒక గడిలో అతని సర్వే జవాబులు, పక్క గడిలో అతను అన్న మాటలు, మూడో గడిలో రెండూ కలిపి చూస్తే మనకేమనిపిస్తోందో. ఉదాహరణకు ఒకావిడ ఆరోగ్యం ‘అలాగే ఉంది’ అని టిక్కు పెట్టి, ఇంటర్వ్యూలో ‘ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోంది’ అందనుకుందాం. విడివిడి అధ్యాయాల్లో ఈ రెండూ ఎప్పటికీ ఎదురుపడవు. ఇక్కడ పక్కపక్కనే కూర్చుంటాయి. మూడో గడిలో ఏదో ఒకటి రాయక తప్పదు: ఆవిడ ఆరోగ్యమంటే మోకాళ్ల నొప్పి అనుకుందా, లేక నిద్ర గురించి మనం అడగనే లేదా? రెండోదైతే తర్వాతి విడత ప్రశ్నావళిలో నిద్ర గురించి ఒక ప్రశ్న చేర్చాలి. మొదటిదైతే ఉన్న ప్రశ్ననే మార్చి రాయాలి.