అవ్వ నోట ‘మూడు’ ఎందుకు రాలేదు?

హోసూరు ప్రాంతంలోని మా తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఒకతె సైకాలజీలో డిగ్రీ ముగించింది. క్లినికల్ న్యూరోసైకాలజీ ఎమ్మెస్సీకి బ్రిటన్‌లో దరఖాస్తు పెట్టాలనుకుంది. మెదడు దెబ్బతిన్నవారిలో మాట, జ్ఞాపకం, ధ్యాస ఏ మేరకు చెడ్డాయో, ఏది మిగిలిందో పరీక్షించి తెలుసుకునే చదువు అది. మార్కులతో పాటు ‘ఈ చదువు నాకెందుకు’ అని ఒకటి రెండు పేజీలు రాసి పంపాలి. దాన్నే పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. చదివి చూడమని మా దగ్గరికి తెచ్చింది.

మొదటి ప్రతిలో సగం దుఃఖమే. అవ్వకు పక్షవాతం వచ్చింది, ఇల్లంతా ఏడ్చింది, నా జీవితం మారిపోయింది అని. అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట దరఖాస్తు పెట్టేవాళ్లు చాలామంది రాయగలరు. “నువ్వు అవ్వ పక్కన కూర్చుని ఏం చూశావో చెప్పు” అన్నాం.

అప్పుడు చెప్పింది. అవ్వకు కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎడమ మెదడు దెబ్బతిన్నప్పుడు ఈ రెండూ తరచు కలిసే వస్తాయి. మూడో వారంలో ఒకనాడు అవ్వ ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెట్టింది. మాట తిరిగొచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మనమరాలు మూడు వేళ్లు చూపించి “ఎన్ని అవ్వా?” అంటే మాత్రం నోరు కదిలింది గాని మాట రాలేదు. కొన్నాళ్లకు అవ్వే దారి కనిపెట్టింది. ఒకటి, రెండు అని లోలోపల మొదలుపెట్టి, మూడు దగ్గర ఆగి, గట్టిగా చెప్పేది.

వరసగా నోటికొచ్చే లెక్కలు, వారాల పేర్లు, దేవుడి నామాలు ఒక తీరు మాట. కావలసిన ఒక్క పదాన్ని వెతికి తీయడం ఇంకొక తీరు. రెండోది పోయినా మొదటిది మిగలవచ్చునని బ్రిటిష్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే గమనించాడు. ఆ పిల్లకు అప్పటికి ఆ పేరు తెలియదు.

తాళంచెవి చూపిస్తే అవ్వ ఎడమచేత్తో తిప్పినట్టు చూపించేది. “తా...” అని అందిస్తే “తాళంచెవి” అనేది. అంటే వస్తువు తెలుసు, పదమూ చెరిగిపోలేదు, దాని దగ్గరికి పోయే దారి చెడింది. స్టేట్‌మెంటుకు ఇదే గుండెకాయ అని మాకు తోచింది.

ఆసుపత్రి సంగతి రాయడం కష్టమైంది. బెంగళూరులో మొదటి వారం అవ్వను కన్నడంలో అడిగి, ‘చెప్పింది అర్థం కావడం లేదు’ అని రాసుకున్నారు. అవ్వకు వచ్చింది సంతలో బేరమాడేంత కన్నడం. ఇంట్లో తెలుగులో “కళ్లు మూసుకో” అంటే మూసుకుంది. అందుకని ఆసుపత్రివాళ్లు తప్పు చేశారని అమ్మాయి రాసింది. ఆ వాక్యం మేము ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో అడిగింది మొదటి వారం, ఇంట్లో అడిగింది మూడో వారం. ఈ నడుమ మెదడు తనంతట తాను కొంత కోలుకుని ఉండొచ్చు. పైగా “ముందు తలుపు చూపించు, తర్వాత కిటికీ” అంటే అవ్వ తెలుగులోనూ తడబడింది. భాష మారినందుకా, రోజులు గడిచినందుకా? తేల్చాలంటే ఒకే రోజున రెండు భాషల్లోనూ అడిగి ఉండాలి. అమ్మాయి కొంత అలిగింది. మర్నాడు అదే ప్రశ్నగా మార్చి తెచ్చింది. ‘నేర్చుకోవాలనుకుంటున్నది ఈ తేడా తేల్చే పద్ధతినే’ అని కింద ఒక వాక్యం చేర్చింది. మేము చెప్పింది కాదది.

‘నేనే అవ్వకు మాట నేర్పాను’ అన్నదీ ఇదే కారణంతో పోయింది. ‘బ్రోకా ప్రాంతం దెబ్బతిన్నది’ అన్నదాన్నీ కొట్టేయించాం. స్కానింగు రిపోర్టులో ఎడమవైపు అని తప్ప ఆ మాట లేదు.

వాటికి బదులు పరీక్షల గురించి ఒక పేరా చేరింది. వస్తువుల పేర్లు చెప్పించే బోస్టన్ నేమింగ్ టెస్టులో అరవై బొమ్మలుంటాయి. అందులో మంచుగడ్డల ఇల్లు ఇగ్లూ ఒకటి, బీవర్ అనే జంతువు ఒకటి. మన అవ్వలు పక్షవాతం రాకముందు కూడా వాటి పేర్లు చెప్పలేరు. తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. ఆ వయసులో, అంతే చదువుకున్న ఆరోగ్యవంతులైన తెలుగువాళ్లు ఎన్ని చెప్పగలరో ముందు లెక్క తీసి ఉండాలి. అది లేనిదే అవ్వకు వచ్చిన మార్కులకు అర్థం లేదు.

చివరగా మేమొకటి అడిగాం: “ఇదంతా రాయడానికి అవ్వ ఒప్పుకుందా?” ఇటువంటి రోగులు ఒక్కోసారి అవునుకు కాదని, కాదుకు అవునని తలూపుతారు. అందుకని మనమరాలు రెండు రకాలుగానూ అడిగింది. “రాయనా?” అంటే అవ్వ తలూపింది. కాసేపాగి “రాయొద్దా?” అంటే అడ్డంగా ఊపింది. తర్వాత అంతా తెలుగులో చదివి వినిపించింది. అవ్వ ఏడ్చిన వాక్యం దగ్గర ఎడమచెయ్యి కాగితం మీద పెట్టి కదలనివ్వలేదు. ఆ వాక్యం తీసేసి పంపింది.