స్కాలర్‌షిప్ డబ్బు ఎక్కడ ఆగింది?

ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతూ ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఈ డబ్బు బడి చేతికి గానీ, జిల్లా విద్యాశాఖ చేతికి గానీ రాదు. నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందువల్ల మధ్యలో కాజేసేవాళ్లు లేకుండా పోయారు. కానీ డబ్బు ఆలస్యమైనప్పుడు ఎవరిని అడగాలో తెలియని చిక్కు వచ్చిపడింది. హెడ్మాస్టరు బ్యాంకుకు వెళ్లమంటారు, బ్యాంకువాళ్లు బడిలో కనుక్కోమంటారు. ఇద్దరూ చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. దారిలో ఏ మజిలీ దగ్గర డబ్బు నిలిచిందో చూడకుండా మాట్లాడటం వల్లనే ఈ తిరుగుడంతా.

మజిలీలు మూడు. మొదటిది దరఖాస్తు. scholarships.gov.in అనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో తొమ్మిదో తరగతిలో కొత్తగా దరఖాస్తు చేయాలి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించాలి. దాన్ని ముందు బడిలోని నోడల్ అధికారి, తర్వాత జిల్లా నోడల్ అధికారి పరిశీలించి ఆమోదిస్తారు. రెండోది కేంద్ర ప్రభుత్వపు చెల్లింపుల వ్యవస్థ అయిన పీఎఫ్ఎంఎస్. ఆమోదం పొందిన పేర్లు అక్కడికి చేరతాయి, ఖాతా వివరాలు సరిచూసిన తర్వాత చెల్లింపు బయలుదేరుతుంది. మూడోది ఆధార్ చెల్లింపుల వంతెన. దీన్ని నడిపేది ఎన్‌పీసీఐ. డబ్బును చివరికి ఒక బ్యాంకుకు చేర్చేది ఇదే.

వెతకడం మొదటి మజిలీ నుంచే మొదలుపెట్టాలి. పోర్టల్‌లో విద్యార్థి లాగిన్ అయితే దరఖాస్తు ఏ స్థాయిలో ఉందో కనిపిస్తుంది. బడి స్థాయిలో పరిశీలన పెండింగ్ అని ఉంటే బ్యాంకు చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు, నోడల్ అధికారి లాగిన్‌లో అది కదలాలి. Defected అనే మాట కనిపిస్తే చాలామంది తిరస్కరించారనుకొని వదిలేస్తారు. నిజానికి తప్పు దిద్ది మళ్లీ పంపమని దరఖాస్తును వెనక్కి ఇచ్చారని దాని అర్థం. గడువులోగా దిద్ది పంపితే దరఖాస్తు బతుకుతుంది, గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. రెండు స్థాయిల్లోనూ ఆమోదం కనిపిస్తేనే రెండో మజిలీకి వెళ్లాలి.

రెండో మజిలీలో చూడాల్సింది pfms.nic.in. అక్కడ Track NSP Payments అనే చోట బ్యాంకు పేరు, ఖాతా నంబరు లేదా స్కాలర్‌షిప్ దరఖాస్తు నంబరు ఇస్తే ఆ విద్యార్థి పేరు మీద జరిగిన చెల్లింపుల వివరం వస్తుంది. ఈ పేజీని చదివేటప్పుడు రెండు విషయాలను వేరుగా చూడాలి. ఒకటి లబ్ధిదారు వివరాలు సరిపోయాయా లేదా అన్నది, రెండోది చెల్లింపు జరిగిందా లేదా అన్నది. వివరాలు సరిపోయాయని ఉండి చెల్లింపు లైను లేకపోతే డబ్బు ఇంకా విడుదల కాలేదన్నమాట. అప్పుడు బ్యాంకు తప్పూ లేదు, కుటుంబం తప్పూ లేదు, ఎదురు చూడాల్సిందే. చెల్లింపు లైను ఉండి ఫెయిల్ అని ఉంటే పక్కనే కారణం ఉంటుంది. ఆ కారణాన్ని ఒక్క అక్షరం వదలకుండా రాసుకోవాలి లేదా ఫొటో తీసుకోవాలి, తర్వాత చేయాల్సిన పనంతా దాని మీదే ఆధారపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమక పెట్టేది ఫెయిల్ కాదు, Success అనే మాట. సైట్‌లో Success అని ఉంటుంది, పాస్‌బుక్‌లో రూపాయి కూడా ఉండదు. దీని గుట్టు మూడో మజిలీలో ఉంది.

ఆధార్ ఆధారంగా డబ్బు పంపేటప్పుడు ప్రభుత్వం ఖాతా నంబరుకు పంపదు, ఆధార్ నంబరుకు పంపుతుంది. ఎన్‌పీసీఐ దగ్గర మ్యాపర్ అనే పెద్ద పట్టిక ఉంటుంది. అందులో ప్రతి ఆధార్ నంబరుకు ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు పేరు ఉంటుంది. ఖాతా నంబరు ఉండదు. డబ్బు ఆ బ్యాంకుకు చేరాక, దాన్ని ఏ ఖాతాలో వేయాలో ఆ బ్యాంకు తన రికార్డుల్లో చూసుకుంటుంది. ఒకరికి నాలుగు బ్యాంకుల్లో ఖాతాలున్నా మ్యాపర్‌లో ఉండేది ఒకటే, అదీ చివరిగా నమోదు చేయించిన బ్యాంకే. ఊళ్లలో జనం “ఎన్‌పీసీఐ అయిందా?” అని అడిగేది ఈ నమోదు గురించే. దీని అసలు పేరు ఆధార్ సీడింగ్. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఇవ్వడం, బ్యాంకు దాన్ని కేవైసీ కింద తీసుకోవడం వేరే పని. ఆధార్ లింక్ అయిన ఖాతా సీడింగ్ కాకుండానే ఏళ్ల తరబడి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయికి ఆరో తరగతిలో ఊళ్లోని గ్రామీణ బ్యాంకులో ఖాతా తెరిచారు. తొమ్మిది, పది తరగతుల స్కాలర్‌షిప్ అందులోనే పడింది. పది పాసయ్యాక పట్నంలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చేరింది. హాస్టల్ పక్కనే ఉన్న మరో బ్యాంకులో జూన్‌లో కొత్త ఖాతా తెరిచింది. దరఖాస్తు ఫారంలో, ప్రభుత్వ రాయితీలన్నీ ఈ ఖాతాకే రావడానికి సమ్మతమేనా అని అడిగే చిన్న గడి ఉంటుంది. సంతకాలు పెట్టే తొందరలో దానికి టిక్కు పడింది. ఏడాది రెన్యువల్ మామూలుగా జరిగింది, బడిలోలాగే కళాశాల, జిల్లా స్థాయిలు ఆమోదించాయి. నెలలు గడిచినా ఊళ్లో పాస్‌బుక్ ఖాళీగానే ఉంది. తండ్రి మూడుసార్లు గ్రామీణ బ్యాంకుకు వెళ్లాడు. ప్రతిసారీ ఒకే జవాబు, “ఆధార్ లింక్ అయ్యే ఉందండీ.” అది నిజమే. లింక్ ఉంది, సీడింగ్ మాత్రం జూన్‌లోనే కొత్త బ్యాంకుకు మారిపోయింది.

ఇది తేలడానికి పది నిమిషాలు చాలు. పీఎఫ్ఎంఎస్ పేజీలో దరఖాస్తు నంబరు ఇచ్చి చూస్తే 12,000 చెల్లింపు Success అని, దానితోపాటు డబ్బు జమ అయిన బ్యాంకు పేరు, తేదీ ఉంటాయి. అక్కడ కనిపించిన పేరు పట్నం బ్యాంకుది. నిర్ధారణకు myaadhaar.uidai.gov.in లో ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీతో లాగిన్ అయి Bank Seeding Status నొక్కాలి. సీడింగ్ ఏ బ్యాంకుకు ఉంది, పనిచేస్తోందా లేదా, చివరిగా ఎప్పుడు మారింది అనే మూడూ అక్కడ కనిపిస్తాయి. ఇందుకు ఆధార్‌కు ఫోను నంబరు జతై ఉండాలి. ఆ అమ్మాయి కొత్త బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే డబ్బు ఉంది. పోయినదేమీ లేదు, వెతికిన చోటే తప్పు.

పాత బ్యాంకుకే డబ్బు రావాలనుకుంటే ఆ బ్యాంకులో సీడింగ్ సమ్మతి పత్రం నింపి, ఇప్పుడు ఏ బ్యాంకుకు సీడింగ్ ఉందో అందులో రాయాలి. మార్పు జరిగిందని బ్యాంకు నోటిమాటగా చెబితే చాలదు. కొన్ని రోజులాగి Bank Seeding Status లో పేరు మారిందో లేదో కళ్లతో చూడాలి. ఇది ఇకముందు వచ్చే డబ్బుకే వర్తిస్తుంది, ఇదివరకే పడింది పాత చోటే ఉంటుంది.

ఇక ఫెయిల్ అయినప్పుడు కనిపించే కారణాల్లో విద్యార్థులకు తరచుగా ఎదురయ్యేవి కొన్నే. ఆధార్ మ్యాప్ కాలేదని ఉంటే సీడింగ్ అసలు జరగలేదని అర్థం. ఆధార్ చెల్లదనో, ఇనాక్టివ్ అనో ఉంటే లోపం బ్యాంకుది కాదు. పిల్లలకు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాపలు, ఫొటో మళ్లీ నమోదు చేయించాలి. ఎన్ఎంఎంఎస్ పిల్లలకు సరిగ్గా ఆ వయసే. దాన్ని పట్టించుకోకపోతే ఆధార్ నిలిచిపోయే ప్రమాదం ఉంది. 15 నుంచి 17 ఏళ్లలోపు ఈ నమోదుకు రుసుము లేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఇంకో చిక్కు వస్తుంది. 18 నిండాక మైనర్ ఖాతాను మేజర్ ఖాతాగా మార్చుకోవాలి, కొత్త సంతకం, కేవైసీ ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు డబ్బును వెనక్కి పంపవచ్చు.

ఖాతా వాడకంలో లేదు కాబట్టి మూతపడిందని బ్యాంకు చెప్పే సందర్భాలూ ఉన్నాయి. దీనిపై రిజర్వు బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చిన ఆదేశం విద్యార్థుల పక్షాన ఉంది. ప్రభుత్వ పథకాల లబ్ధికి, స్కాలర్‌షిప్‌లకు తెరిచిన జీరో బ్యాలెన్సు ఖాతాలను రెండేళ్లు వాడలేదన్న కారణంతో ఇనాపరేటివ్‌గా మార్చకూడదు, అలాంటి వాటిని బ్యాంకులు విడిగా గుర్తించి ఉంచాలి. బ్రాంచిలో ఈ సంగతి తెలియని సిబ్బంది ఉండవచ్చు. తేదీతో సహా చెబితే పని త్వరగా కదులుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. తిరిగివెళ్లిన డబ్బు, లోపం సరిచేసిన మరుక్షణం దానంతట అదే రాదు. ఇచ్చే శాఖ మళ్లీ చెల్లింపు పంపాలి. అందుకే సీడింగ్ సరిచేయించాక నోడల్ అధికారికి లిఖితపూర్వకంగా చెప్పడం తప్పనిసరి. ఆ కాగితంలో దరఖాస్తు నంబరు, ఫెయిల్ అయిన తేదీ, అక్కడ కనిపించిన కారణం, ఇప్పుడు సీడింగ్ ఉన్న బ్యాంకు పేరు ఉండాలి. పూర్తి ఆధార్ నంబరు రాయనక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు.

రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల దారి కొంత వేరు. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు స్థితి చూడాలి. అక్కడ మంజూరు అయిందంటే డబ్బు పడిందని కాదు, బిల్లు ట్రెజరీ దాటాలి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా విడిగా విద్యార్థి ఖాతాకు వస్తుంది కాబట్టి సగం డబ్బు వచ్చి సగం రాలేదని కంగారుపడే ముందు రెండు జమలనూ వేర్వేరుగా వెతకాలి.

బ్యాంకు సీడింగ్ చేయకుండా తిప్పుతుంటే ఆ బ్యాంకుకే రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తికరంగా లేకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. ఈ స్టేటస్‌లలో ఏదీ చూడటానికి డబ్బు కట్టనవసరం లేదు, ఓటీపీ ఎవరికీ చెప్పనవసరం లేదు. ఎన్ఎంఎంఎస్ ఫలితాలు వచ్చిన వారంలోనే ఎంపికైన ప్రతి పిల్లవాడి Bank Seeding Status తెరిచి, బ్యాంకు పేరును రిజిస్టరులో రాసి ఉంచే పని ఆ బడి ఉపాధ్యాయులు తలకెత్తుకోవాలి.