చిటికెన వేలు చెప్పే గుట్టు

మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ పెళ్లిళ్ల సీజన్‌లో రోజూ రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. కుడిచెయ్యి మొద్దుబారి, వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండేదట. గట్టిగా విదిలిస్తే కాసేపటికి తగ్గేది. నరాల బలహీనత అనుకుని ఆరు నెలలు బలం మాత్రలు మింగింది.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా?" లేదంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం, అంతే.

ఆ వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరం మణికట్టులో ఒక ఇరుకు సందులోంచి వెళ్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే నరం నలుగుతుంది. అదే కార్పల్ టనెల్ సిండ్రోమ్. నిద్రలో మణికట్టు మడతపడితే సందు మరీ ఇరుకవుతుంది, అందుకే రాత్రి బాధ. చిటికెన వేలి నరం ఆ దారిన పోదు. తిమ్మిరి ఆ వేలికే ఉంటే మోచెయ్యో, మెడో చూపించుకోవాలి.

టైపింగ్‌నే అందరూ తిడతారు గానీ, కత్తెర బిగించి పట్టడం, పిండి పిసకడం లాంటి బలమైన పనులే ఎక్కువ అనుమానించాల్సినవి. షుగర్, థైరాయిడ్, గర్భం కూడా కారణాలే. ఈవిడకు థైరాయిడ్ తక్కువని తేలింది. దానికి మాత్రలు, రాత్రిళ్లు మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ ఇచ్చారు. ఆరు వారాలకు నిద్ర పట్టింది.

బొటనవేలి మొదట్లో కండ పలచబడినా, బొత్తాం పెట్టుకోలేకపోయినా ఆగకూడదు. నరాల పరీక్ష చేయించి, అవసరమైతే చిన్న ఆపరేషన్ చేయించుకోవాలి. ఆలస్యమైతే పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.