రెండు ఖండాల నడుమ ఒక్క వాక్యం

నిమిషం నిడివిగల లఘుచిత్రంలో తరచుగా రెండు ఖండాలుంటాయి. మొదటిది ఒక వస్తువును చూపుతుంది. రెండవది ఆ వస్తువుకు కాలక్రమాన పట్టిన గతిని చెబుతుంది. మొదటి ఖండం ముగిసిన చోట చిత్రమూ ధ్వనీ ఒక్కసారిగా తెగి, రెండవది ఆరంభం కావడం ఒక పద్ధతి. రెండింటి నడుమ ఒక్క వాక్యం పలికించి, ఆ మాట మీదుగా ప్రేక్షకుని అవతలికి దాటించడం మరొక పద్ధతి. మొదటి పద్ధతిలో పని ఎడిటరుది. రెండవ దానిలో భారం రచయితది.

వేమన పద్యాల చరిత్రను చెప్పే చిత్రం ఒకటి ఊహించవచ్చు. మొదటి ఇరవై అయిదు సెకన్లలో తాటాకు, దానిపై గంటం గీసిన గీతలు, ఆ గీతలలో మసి రుద్దగా నల్లగా తేలే అక్షరాలు కనిపిస్తాయి. తరువాతి ముప్పై సెకన్లలో సి.పి. బ్రౌన్ 1829లో ఆంగ్లానువాదంతో ప్రకటించిన వేమన పద్యాల పుస్తకం కనిపిస్తుంది. తాటాకు మీదనుండి చిత్రం తటాలున అచ్చు పుటకు దూకితే, ఇదేమి పుస్తకమో, దీనికీ తాటాకుకూ సంబంధమేమో తెలుసుకొనే ప్రయత్నంలోనే ప్రేక్షకుని మనస్సు చిక్కుకుంటుంది. ఆ క్షణంలో పలికిన మొదటి వాక్యం అతని చెవిన పడుతుంది గాని మనసున పడదు.

ఈ నడుమ ఇటువంటి వాక్యం ఉంచవచ్చు: “గంటంతో గీసుకున్న ఈ పద్యాలే, 1829లో, బ్రౌన్ పూనికతో అచ్చుకెక్కాయి.” నిదానంగా పలికితే దీనికి నాలుగైదు సెకన్లు చాలు. ఇందులో మొదటి సగం వెనుకటి ఖండానికి చెందినది, రెండవ సగం ముందటి ఖండానికి చెందినది. కనుక చిత్రం వాక్యానికి ముందూ మారకూడదు, వెనుకా మారకూడదు. “1829లో” అన్న మాట దగ్గర మారాలి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఆ క్రియ వినబడేదాకా శ్రోత ఎదురుచూస్తూనే ఉంటాడు. అతడు ఎదురుచూస్తుండగా చిత్రం మారినందువల్ల ఆ మార్పు అతనికి ఆటంకంగా తోచదు. “అచ్చుకెక్కాయి” అన్న క్రియ అచ్చు పుట మీదనే వచ్చి వాలుతుంది.

ఈ వాక్యంలో ప్రమాదకరమైన మాట “ఈ”. తెరమీది ఆకులో ఉన్నవి వేమన పద్యాలే అయితే ఆ మాట చెల్లుతుంది. అందంగా ఉన్నదని వేరొక గ్రంథపు తాటాకును చూపితే, వాక్యం వినడానికి నిజమైనా చూడడానికి అబద్ధమవుతుంది. అటువంటప్పుడు “ఇటువంటి ఆకులలో నిలిచిన వేమన పద్యాలు” అనడం న్యాయం.

రెండవ ప్రమాదం క్త్వార్థకం. తెలుగులో వాక్యాలను కలపడానికి అంతకంటే సులువైన ఉపాయం లేదు. అందుకే కలం అటే మొగ్గుతుంది. “బ్రౌన్ కడపకు వచ్చి వేమన పద్యాలను అచ్చు వేయించాడు” అన్నామంటే తప్పు పట్టే వ్యాకర్త ఉండడు. కాని బ్రౌన్ కడపకు వచ్చినది 1820లో. నడిమి తొమ్మిదేళ్లు ఆ “వచ్చి”లో మునిగిపోయి, కడపలోనే ఆ పని ముగిసినదన్న భ్రమ కలుగుతుంది. “అందువల్ల” అన్న మాట ఇంతకంటే సాహసమైనది. వరుసగా జరిగిన వాటిని కార్యకారణాలుగా మార్చివేస్తుంది.

“ఇక అచ్చు సంగతి చూద్దాం” అనేది వారధి కాదు, ప్రకటన. అందులో వెనుకటి ఖండానికి చెందిన మాట ఒక్కటీ లేదు. అలాగని వారధి వాక్యంలోనే ముద్రణాలయమూ, ప్రతుల సంఖ్యా, వెలా చెప్పబూనితే, చిత్రం మారే వేళ అవి నిలవవు. వారధిలో కొత్త విషయం ఒక్కటి చాలు.

పలికించడంలో కూడా ఒక జాగ్రత్త ఉన్నది. ఈ వాక్యాన్ని ఒంటరిగా, మరొకనాడు చదివించి అతికితే గొంతు స్థాయీ, గది ధ్వనీ మారి అతుకు వినబడుతుంది. దీని ముందు వాక్యాన్నీ వెనుక వాక్యాన్నీ కలిపి ఒకే విడతలో చదివించాలి.

పని కుదిరినదో లేదో తెలుసుకోవడానికి కన్నులు మూసి వినాలి. ఖండం ఎక్కడ మారినదో గుర్తుపట్టలేనట్లయితే కూర్పు కుదిరినట్లే. పిదప ఆ వాక్యాన్ని తీసివేసి చూడాలి. అది లేకున్నా ఏ లోటూ తోచకపోతే దానిని తిరిగి చేర్చనక్కరలేదు. నిండిన గాదె పక్కన ఖాళీ కంచం చూపదలచిన చిత్రంలో ఆ తెగుడే అర్థం. అక్కడ మాట అడ్డుపడితే దెబ్బ మెత్తబడుతుంది. తాటాకుకూ అచ్చు పుటకూ నడుమ ఉన్నది వైరుధ్యం కాదు, ఒకే పద్యం చేసిన ప్రయాణం. మాట అవసరమైనది అక్కడనే.