ఒక లోపానికి 40 సందేశాలు: హెచ్చరికల రద్దీని తగ్గించే విధానం

కంప్యూటర్ కేంద్రంలో ఒక నెట్‌వర్క్ స్విచ్ నిలిచిపోతే, దానికి అనుసంధానమైన 40 సర్వర్లూ ఒకేసారి అందుబాటులో లేకుండా పోతాయి. పర్యవేక్షణ వ్యవస్థ ఒక్కో సర్వరుకు ఒక్కో హెచ్చరిక జారీ చేస్తే విధులలో ఉన్న ఇంజనీరు ఫోనుకు 40 సందేశాలు చేరతాయి. అదే సమయంలో మరొక చోట డేటాబేస్ డిస్కు నిండిపోతున్నదని తెలిపే 41వ సందేశం వాటి నడుమ కనబడకుండా పోతుంది. అసలు ప్రమాదం ఇదే.

దీని నివారణకు, ప్రొమీథియస్ పర్యవేక్షణ వ్యవస్థకు చెందిన అలర్ట్‌మేనేజర్‌లో `group_by` అనే అమరిక ఉన్నది. హెచ్చరిక పేరు, ర్యాక్ సంఖ్యల ఆధారంగా వర్గీకరించాలని అందులో నిర్దేశించిన పక్షంలో, తొలి హెచ్చరిక అందిన తరువాత 30 సెకన్లు ఆగి, ఆలోగా వచ్చిన వాటన్నిటినీ ఒకే సందేశంగా పంపుతుంది. డిస్కు హెచ్చరిక పేరు వేరు కనుక అది విడిగా అందుతుంది. ఈ 30 సెకన్ల వ్యవధిని అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చును. అయితే మరీ పెంచితే తొలి సమాచారమే ఆలస్యమవుతుంది.

సందేశాల సంఖ్య తగ్గినంత మాత్రాన చాలదు. ‘సర్వర్లు పనిచేయడం లేదు’ అన్న వాక్యం అర్ధరాత్రి నిద్ర లేచిన ఇంజనీరుకు దారి చూపదు. ‘7వ ర్యాక్‌లో 40 సర్వర్లు రాత్రి 2.10 గంటల నుంచి స్పందించడం లేదు. బిల్లుల చెల్లింపు సేవకు అంతరాయం. ముందుగా స్విచ్ విద్యుత్ సరఫరాను పరిశీలించవలెను’ అని ఉంటే వెంటనే పని ప్రారంభించే వీలు కలుగుతుంది.

ర్యాక్ సంఖ్య నమోదు కాని సర్వర్ల విషయంలో జాగ్రత్త అవసరం. వేర్వేరు చోట్ల ఉన్నప్పటికీ, ఒకే పేరు గల వాటి హెచ్చరికలన్నీ ఒకే గుంపులో చేరిపోతాయి. ర్యాక్ సంఖ్య లేకుండా వచ్చే సందేశమే దీనికి ఆనవాలు.