ఎడమ కుడి తారుమారైన ఇరవై ఏళ్లు

1910లో వియన్నాకు చెందిన హాన్స్ ఎపింగర్, కార్ల్ రోత్‌బర్గర్ కుక్కల గుండెలో ఒక సన్నని తంతువుల కట్టకున్న కొమ్మలను కోసి, ఆ తర్వాత గుండె గీసే గీత ఎలా మారుతుందో చూశారు. ఆ కట్ట జాడను అంతకు నాలుగేళ్ల ముందే జపాన్ వైద్యుడు సునావో తవారా జర్మనీలో కూర్చుని పూర్తిగా పట్టుకున్నాడు. పైనుంచి వచ్చిన విద్యుత్ సంకేతం రెండుగా చీలిన ఈ కట్ట గుండా దిగి, ఒక కొమ్మలో కుడి జఠరికకూ మరో కొమ్మలో ఎడమ జఠరికకూ చేరుతుంది. అది చూపుకు నరంలా ఉన్నా నిజానికి కండరమే.

కొమ్మ తెగితే సంకేతం ఆగిపోదు, ఆలస్యమవుతుంది. ఈ కొమ్మల్లోని పర్కింజీ తంతువుల్లో సెకనుకు రెండు మీటర్లకు మించి పరుగెత్తే సంకేతం, మామూలు గుండె కండరంలో ఒక కణం నుంచి మరో కణానికి పాకుతూ ఒక మీటరు కూడా దాటదు. హైవే మూసేస్తే పొలంగట్ల మీదుగా ఊరు చేరినట్టు. ఈ ఆలస్యమే ఈసీజీ కాగితం మీద క్యూఆర్ఎస్ వెడల్పుగా కనిపిస్తుంది. మామూలు వేగంతో నడిచే కాగితంలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. పెద్దవారిలో క్యూఆర్ఎస్ మూడు చిన్న గడులు, అంటే 120 మిల్లీసెకన్లు నిండితే ఏదో ఒక కొమ్మ పూర్తిగా బ్లాక్ అయిందని అనుమానించాలి. పొటాషియం బాగా పెరిగినా, కొన్ని మందులు మోతాదు మించినా, దడ జఠరికలోనే పుట్టినా క్యూఆర్ఎస్ సాగుతుంది. కాబట్టి వెడల్పుతో పాటు ఆకారమూ చూడాలి.

చిక్కంతా ఆ ఆకారం దగ్గరే వచ్చింది. లైడెన్‌లో ఐంటోవెన్ తయారుచేసిన తొలి యంత్రం చేతుల నుంచీ ఎడమ కాలి నుంచీ మాత్రమే గీతలు తీసేది. రోగి చేతులనూ ఆ కాలినీ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చునేవాడు. కుక్కల్లో కనిపించిన ఆకారాలనే మనుషుల గీతలకు అన్వయించారు. కానీ కుక్క ఛాతీలో గుండె ఉండే తీరు వేరు. దాంతో దాదాపు ఇరవై ఏళ్ల పాటు మనిషిలో ఎడమ కొమ్మ బ్లాక్‌ను కుడిదనీ, కుడిదాన్ని ఎడమదనీ రాసుకున్నారు.

1930లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో బార్కర్, మెక్లౌడ్, అలెగ్జాండర్ ఒక రోగిలో బయటపడి ఉన్న గుండెను నేరుగా ప్రేరేపించి చూశారు. కుడి జఠరికను ముందు కదిలిస్తే ఎడమది వెనకబడుతుంది కదా? కానీ ఆ గీత అప్పటివరకూ ‘కుడి బ్లాక్’ అంటున్న ఆకారాన్ని పోలి వచ్చింది. అదే ఊళ్లోని ఫ్రాంక్ విల్సన్ ఎలక్ట్రోడును ఛాతీ మీదికే తెచ్చి ఈ వాదనను గట్టిపరిచాడు.

రొమ్ము ఎముకకు కుడి అంచున, నాలుగో పక్కటెముకల సందులో ఉండే వీ1 లీడు ఇందులో కీలకం. కుడి జఠరిక ఛాతీ ముందువైపు, వీ1 కిందే ఉంటుంది. ఎడమది వెనకా పక్కా ఉంటుంది. కుడి కొమ్మ మూసుకుంటే చివర్లో కదిలే కుడి జఠరిక సంకేతం వీ1 వైపు వస్తుంది కాబట్టి అక్కడ రెండో శిఖరం లేస్తుంది, వీ6లో వెడల్పైన లోయ పడుతుంది. ఎడమ కొమ్మ మూసుకుంటే ఆలస్యపు సంకేతం వీ1కు దూరంగా పోతుంది. అక్కడ వెడల్పాటి లోతైన గీత, వీ6లో నొక్కుపడిన వెడల్పు శిఖరం కనిపిస్తాయి.

కుడి బ్లాక్ ఏ జబ్బూ లేనివారిలోనూ తరచూ బయటపడుతుంది. ఎడమ బ్లాక్ వెనక మాత్రం చాలాసార్లు బీపీ, కవాట వ్యాధి, బలహీనపడిన కండరం లాంటివి ఉంటాయి కనుక ఎకో తీయించడం సబబు. కళ్లు తిరిగి పడిపోయిన మనిషిలోనైతే ఏ బ్లాక్‌నూ తేలిగ్గా తీసుకోకూడదు.

అసలు పరీక్ష రోగి ఛాతీ నొప్పితో వచ్చినప్పుడు. అరవై దాటిన ఒకాయన అలా వచ్చాడనుకుందాం. క్యూఆర్ఎస్ నాలుగు గడులు, వీ1లో కిందికి, వీ6లో పైకి. ఎడమ బ్లాకే. ఇక్కడ ఎస్‌టీ గీత క్యూఆర్ఎస్‌కు ఎదురు దిశలో జరగడం సహజం, అదొక్కటే గుండెపోటుకు గుర్తు కాదు. కానీ పైకి లేచిన క్యూఆర్ఎస్ ఉన్న వీ5లో ఎస్‌టీ కూడా ఒక మిల్లీమీటరు పైకే లేచినా, లేదా క్యూఆర్ఎస్ కిందికి ఉన్న వీ2లో ఎస్‌టీ కూడా కిందికే దిగినా రక్తనాళం మూసుకుందనే అనుమానించి తొందరపడాలి. 1996లో ఎలెనా స్గార్బోసా బృందం చెప్పిన గుర్తులివి. ఇవి లేనంత మాత్రాన గుండెపోటు లేదనలేం. ట్రోపోనిన్ పరీక్ష చేయాలి, కాసేపాగి మళ్లీ ఈసీజీ తీయాలి. పాత ఈసీజీ ఉంటే పోల్చుకోవచ్చు, కానీ ఎడమ బ్లాక్ కొత్తదన్న ఒక్క కారణంతోనే గుండెపోటుగా లెక్కకట్టే పద్ధతిని అమెరికా మార్గదర్శకాలు 2013లో వదిలేశాయి.

గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయి, మందులు వాడినా ఆయాసం తగ్గని రోగికి ఎడమ బ్లాక్‌తో క్యూఆర్ఎస్ 150 మిల్లీసెకన్లు దాటి ఉంటే, రెండు జఠరికలనూ కలిపి కొట్టించే సీఆర్‌టీ పేస్‌మేకర్ బాగా పనిచేస్తుంది. వెనకబడిన ఎడమ గోడను అది ముందుకు లాగుతుంది. అంతే వెడల్పున్నా కుడి బ్లాక్ ఉన్నవారికి ఆ లాభం చాలా తక్కువ, ఎందుకంటే వారిలో ఎడమ గోడ సాధారణంగా వేళకే కదులుతోంది.